ఆల్ట్‌కాయిన్ కొనే ముందు టోకెన్ అన్‌లాక్ షెడ్యూల్‌ను ఎలా లెక్కగట్టాలి?

2024 మార్చి 16న ఆర్బిట్రమ్ ప్రాజెక్టు టోకెన్ ఏఆర్‌బీలో 111 కోట్ల పైచిలుకు టోకెన్లకు ఒకేసారి తాళం తీశారు, అంటే అప్పటిదాకా అమ్మే వీలులేనివాటిని అమ్ముకోనిచ్చారు. దీన్నే అన్‌లాక్ అంటారు. మొత్తం సప్లై 1,000 కోట్లు కాబట్టి ఇది 11 శాతమేనని చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. అప్పటికి చలామణిలో ఉన్నవి 127.5 కోట్లే. వాటితో పోలిస్తే ఆ ఒక్క రోజు వచ్చిన టోకెన్లు 87 శాతం. రెండు అంకెలూ నిజమే, కానీ కొనేవాడికి పనికొచ్చేది రెండోదే. ఎందుకంటే మార్కెట్లో ధరను నిలబెడుతున్నది ఆ 127.5 కోట్ల టోకెన్ల చుట్టూ తిరిగే కొనుగోళ్లు, అమ్మకాలే. తాళం వేసి ఉన్న టోకెన్ ఏదీ ఆ బేరంలో లేదు.

ఏ ఆల్ట్‌కాయిన్‌కైనా ఈ లెక్క కొనక ముందే వేసుకోవచ్చు. ఒక గంట సమయం, ఒక ఎక్సెల్ షీటు ఉంటే చాలు. పైన చెప్పిన ఏఆర్‌బీనే ఉదాహరణగా తీసుకుందాం. దాని షెడ్యూల్ మొదటి నుంచీ బహిరంగంగా ఉంది.

1. మూడు సప్లైలను విడదీయండి

కాయిన్‌గెకో, కాయిన్‌మార్కెట్‌క్యాప్ లాంటి సైట్లలో మూడు అంకెలు కనిపిస్తాయి. `Circulating Supply` అంటే ఇప్పుడు అమ్ముకోగలిగిన టోకెన్లు. `Total Supply` అంటే ఇప్పటికే సృష్టించినవి, వీటిలో తాళం వేసినవీ కలిసి ఉంటాయి. `Max Supply` అంటే ఎప్పటికీ దాటకూడదని పెట్టుకున్న గరిష్ఠం. కొన్ని టోకెన్లకు ఈ గరిష్ఠమే ఉండదు.

ఆ సైట్లలో B అని ఉంటే 100 కోట్లు, M అని ఉంటే 10 లక్షలు. ఇక్కడ ఒక సున్నా అటూ ఇటూ అయితే తర్వాతి లెక్కంతా తప్పుతుంది. కాబట్టి షీటులో అన్నీ కోట్లలోకి మార్చి రాసుకోండి.

ముందుగా చలామణి సప్లైని గరిష్ఠ సప్లైతో భాగించండి. ఏఆర్‌బీకి అన్‌లాక్‌కు ముందు అది 12.75 శాతం. ఈ శాతం తక్కువగా ఉన్నంత మాత్రాన టోకెన్ చెడ్డదని కాదు. మిగతా 87 శాతం ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు బయటికొస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

2. షెడ్యూల్‌ను ప్రాజెక్టు డాక్యుమెంట్ నుంచే తీసుకోండి

టోకనోమిస్ట్, డీఫైలామా లాంటి ట్రాకర్లు క్యాలెండర్‌ను అందంగా చూపిస్తాయి. కానీ ప్రాజెక్టు స్పష్టంగా చెప్పని చోట అవి సొంత అంచనా వేసుకుంటాయి. అందుకే అవే టోకెన్లు రెండు ట్రాకర్లలో రెండు తేదీలతో కనిపించడం మామూలే. ప్రాజెక్టు డాక్స్‌లో టోకెన్ల పంపిణీ పేజీ తెరిచి, ప్రతి వర్గానికీ మూడు విషయాలు రాసుకోండి: ఎంత వాటా, క్లిఫ్ ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎన్ని నెలలపాటు విడతలు. క్లిఫ్ అంటే ఆ గడువు దాటేదాకా ఒక్క టోకెన్ కూడా రాదు, దాటిన రోజు ఒక పెద్ద ముద్ద ఒక్కసారిగా వస్తుంది.

ఏఆర్‌బీ మొదటి పంపిణీ ఇలా ఉంది: టీమ్, సలహాదారులకు 26.94 శాతం, ఇన్వెస్టర్లకు 17.53 శాతం, వాడుకరులకు ఉచితంగా పంచే ఎయిర్‌డ్రాప్‌కు 11.62 శాతం, సభ్యుల ఓట్లతో నడిచే సంఘాలైన ఇతర డావోలకు 1.13 శాతం, మిగిలిన 42.78 శాతం ఆర్బిట్రమ్ సొంత డావో ఖజానాకు. టీమ్‌కూ ఇన్వెస్టర్లకూ కలిపి 444.7 కోట్ల టోకెన్లు. వీటిలో నాలుగో వంతు ఏడాది క్లిఫ్ తీరిన రోజు, మిగతాది 36 నెలవారీ విడతల్లో.

నాలుగో వంతు అంటే 111.175 కోట్లు. మిగిలిన 333.525 కోట్లను 36తో భాగిస్తే నెలకు 9.265 కోట్లు. చూశారుగా, ఏ ట్రాకర్ సాయమూ లేకుండానే పెద్ద అన్‌లాక్, తర్వాతి నెలవారీ విడత రెండూ మీ చేతికొచ్చాయి. మీరు వేసిన అంకె ట్రాకర్ అంకెతో కలవకపోతే ఆ తేడా ఎక్కడిదో తేలేదాకా ముందుకు వెళ్లకండి.

3. పెరుగుదలను చలామణితో పోల్చండి

రెండు సూత్రాలు చాలు.

```
పెరుగుదల % = కొత్త టోకెన్లు ÷ చలామణి సప్లై × 100
కొత్త ధర = పాత ధర × పాత సప్లై ÷ కొత్త సప్లై
```

మొదటి దాని ప్రకారం 111.175ను 127.5తో భాగిస్తే 87.2 శాతం. రెండోది భవిష్యత్తు ధరను చెప్పదు. ధరను చలామణి సప్లైతో గుణిస్తే వచ్చే మార్కెట్ క్యాప్ అలాగే ఉండిపోతే, అంటే కొత్త డబ్బు లోపలికి రాకపోతే, ధర ఎక్కడికి చేరుతుందో చెబుతుంది. 2024 మార్చి మొదట్లో ఏఆర్‌బీ 2 డాలర్ల చుట్టూ ఉంది. 2 × 127.5 ÷ 238.7 వేస్తే 1.07 డాలర్లు. ఏప్రిల్ మధ్యలో నిజంగానే అది 1.2 డాలర్ల దిగువన తిరిగింది. దీన్నంతా అన్‌లాక్ ఖాతాలో వేయకూడదు. మార్చి 14న బిట్‌కాయిన్ అప్పటి రికార్డు గరిష్ఠాన్ని తాకి వెనక్కి తగ్గింది, ఆల్ట్‌కాయిన్లన్నీ దాంతోపాటే కిందికొచ్చాయి. కానీ పడే రోజుల్లో అమ్మడానికి సిద్ధంగా ఉన్న సరుకు రెట్టింపుకు దగ్గరగా ఉంటే పడడం ఇంకా లోతుగా ఉంటుంది.

క్లిఫ్ దాటిపోయింది కాబట్టి ప్రమాదం పోయిందనుకోవడం ఇంకో పొరపాటు. తర్వాతి 12 నెలల విడతలు కలిపితే మళ్లీ 111 కోట్లే. 238.7 కోట్ల మీద అది 46.6 శాతం. అంటే ఆ ఏడాదంతా ధర కదలకుండా నిలవాలన్నా మార్కెట్ క్యాప్ దాదాపు సగం పెరగాలి. ఈ నెమ్మది ధార వార్తల్లోకి రాదు, నెలకు 4 శాతంలోపు అంకెను ఎవరూ పట్టించుకోరు. చార్టు మాత్రం దాన్ని మోస్తూనే ఉంటుంది.

కాబట్టి షీటులో తదుపరి 12 నెలలకు ఒక్కో వరుస పెట్టండి: తేదీ, కొత్త టోకెన్లు, ఎవరికి, ఆ రోజుకు చలామణి, పెరుగుదల శాతం. ఎంతకాలం ఉంచుకుందామని కొంటున్నారో ఆ కాలంలో వచ్చే కొత్త టోకెన్లన్నీ కలిపి ఇప్పటి చలామణితో భాగించి చూడండి. మూడు నెలలకు కొనేవాడికీ, రెండేళ్లకు కొనేవాడికీ ఒకే టోకెన్ వేర్వేరు ప్రమాదం.

4. ఎవరికి వస్తున్నాయో చూడండి

ఎయిర్‌డ్రాప్ వచ్చినవాడికి అసలు పెట్టుబడే లేదు. మొదటి రౌండ్లలో పెట్టిన ఇన్వెస్టర్ కొన్న ధర ఇప్పటి ధరలో చిన్న భాగమే కావచ్చు. మీరు 40 శాతం నష్టంలో ఉన్నప్పుడు కూడా అతను లాభంలోనే ఉంటాడు, అమ్మడానికి వెనకాడడు. ప్రైవేటు రౌండ్ ధర బయటపెట్టిన ప్రాజెక్టయితే దాన్ని ఇప్పటి ధర పక్కన రాసుకోండి.

డావో ఖజానా సంగతి వేరు. ఏఆర్‌బీలో ఆ 42.78 శాతానికి తేదీల షెడ్యూలే లేదు, ఓటింగ్ జరిగినప్పుడు కదులుతుంది. 2023 చివర్లో ప్రోత్సాహకాల కార్యక్రమానికి అలాగే 5 కోట్ల టోకెన్లు ఆమోదించారు. ఇలాంటిది అన్‌లాక్ క్యాలెండర్‌లో కనపడదు, ప్రాజెక్టు గవర్నెన్స్ ఫోరంలో వెతకాలి.

స్టేకింగ్ నిబంధనను కూడా చదవండి. 2024లో సెలెస్టియాలో తాళం వేసిన టోకెన్లను సైతం స్టేక్ చేయగలిగేవారు, అంటే నెట్‌వర్క్ భద్రతకు తనఖాగా పెట్టి రివార్డు పొందేవారు. ఆ రివార్డులకు తాళం ఉండేది కాదు. అంటే అన్‌లాక్ తేదీకి ఎంతో ముందునుంచే అసలు చేతికి రాకపోయినా వడ్డీ మార్కెట్లోకి వస్తూనే ఉండేది.

5. మార్కెట్ మింగగలదో లేదో తూచండి

24 గంటల వాల్యూమ్ అంకెను నమ్ముకోవద్దు. దానిలో అటూ ఇటూ తిప్పిన కృత్రిమ ట్రేడింగ్ ఎంతో తెలియదు. కాయిన్‌గెకోలో టోకెన్ పేజీలో `Markets` ట్యాబ్ తెరిస్తే ఒక్కో ఎక్స్ఛేంజికి `-2% Depth` అన్న నిలువు వరుస ఉంటుంది. ధరను 2 శాతం కిందికి నెట్టడానికి ఎన్ని డాలర్ల సరుకు అమ్మితే సరిపోతుందో అది చెబుతుంది. స్పాట్ మార్కెట్లలో పెద్దవి ఏడెనిమిదింటిని కలపండి.

ఆ మొత్తం 60 లక్షల డాలర్లు అనుకుందాం, ధర 1 డాలర్ అనుకుందాం. నెలవారీ విడత 9.265 కోట్ల డాలర్లు, అంటే ఆ లోతుకు 15 రెట్లు. అంతా ఒకే రోజు అమ్ముతారని కాదు. 30 రోజులకు పరిస్తే రోజుకు 31 లక్షల డాలర్లు, అందులో సగమే అమ్మినా అది రోజూ ఆ లోతులో పావు భాగాన్ని తినేస్తూ పోతుంది. కొనుగోళ్లు బలంగా ఉన్న నెలల్లో ఇది తెలియదు, చప్పబడిన నెలల్లో ఇదే ధరను నడిపిస్తుంది.

6. తేదీకి ముందే పడుతుందా, తర్వాతా?

అన్‌లాక్ రోజునే పడుతుందని ముందురోజు అమ్మేసేవాళ్లు చాలాసార్లు ఆలస్యమైపోతారు. పెద్ద ఇన్వెస్టర్లు తాళం తీయకముందే ఫ్యూచర్స్‌లో షార్ట్ చేసి, అంటే తర్వాత తిరిగి కొనే లెక్కన ముందే అమ్మి, ధరను ఖాయం చేసుకోగలరు. సెలెస్టియా టోకెన్ 2024 ఫిబ్రవరిలో 20 డాలర్ల దగ్గర ఉంది. అక్టోబరు 30న వచ్చిన భారీ అన్‌లాక్ నాటికే 5 డాలర్ల దగ్గరికి దిగింది. కాబట్టి తేదీకి నెల ముందునుంచి గడువు తేదీ లేని పర్పెచువల్ ఫ్యూచర్స్‌లో కొన్నవాళ్లూ షార్ట్ చేసినవాళ్లూ ఒకరికొకరు కట్టుకునే ఫండింగ్ రేటు గమనించండి. అది రోజుల తరబడి మైనస్‌లో ఉంటే షార్టులు పేరుకున్నాయని అర్థం, అన్‌లాక్ అయ్యాక అవి మూసేటప్పుడు ధర కాసేపు ఎగరవచ్చు. ఆ ఎగురుడును చూసి గండం గడిచిందనుకుంటే పొరపాటు, పైన చెప్పిన నెలవారీ ధార ఇంకా మిగిలే ఉంటుంది.

షెడ్యూల్ మారే వీలూ ఉంది. 2024 జూలైలో వరల్డ్‌కాయిన్ టీమ్, ఇన్వెస్టర్ల టోకెన్లలో 80 శాతానికి అన్‌లాక్ కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పొడిగించారు. అలాంటి ప్రకటన వస్తే పాత షీటు పనికిరాదు.

7. ఎంత, ఎప్పుడు కొనాలో తేల్చుకోండి

మీరు ఉంచుకునే కాలంలో చలామణి 10 శాతంలోపు పెరుగుతుంటే మిగతా విషయాలు చూసి నిర్ణయించుకోవచ్చు. 30 శాతం దాటితే క్లిఫ్ ముందు పూర్తి మొత్తం పెట్టకపోవడం మంచిది. ఈ హద్దులు ఏ నియమం ప్రకారం వచ్చినవీ కావు, మా అంచనా మాత్రమే. విడతలుగా కొనేటట్లయితే మీ కొనుగోలు తేదీలను అన్‌లాక్ తేదీలకు వారం, పది రోజుల తర్వాత పెట్టుకోండి.

అన్‌లాక్ రోజు దాటాక బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో టోకెన్ కాంట్రాక్టు పేజీ తెరిచి `Holders` జాబితాలో వెస్టింగ్ కాంట్రాక్టులను, అంటే తాళం వేసిన టోకెన్లను దాచి ఉంచే అడ్రసులను గుర్తించి, వాటి బదిలీల జాబితాలో టోకెన్లు ఎటు వెళ్లాయో చూడండి. కొత్త వాలెట్లలో ఆగితే ఇంకా అమ్మలేదు. ఎక్స్ఛేంజి డిపాజిట్ అడ్రసులకు చేరుతుంటే మీరు అనుకున్న తదుపరి విడత కొనుగోలును ఆ ప్రవాహం తగ్గేదాకా ఆపండి.