తప్పుల తడక మెసేజ్ నిజమైనదీ కావచ్చు: ఆర్డర్ల రోజులు మొదలయ్యే ముందు జాగ్రత్తలు

వరసగా ఆర్డర్లు పెట్టే రోజుల్లో ఫోన్‌కి ఏ పార్శిల్ గురించి ఏ మెసేజ్ వస్తోందో గుర్తుండదు. మోసగాళ్లకు కావలసింది ఆ గందరగోళమే. అక్షరదోషాలుంటే మోసమనీ, శుభ్రంగా ఉంటే నిజమనీ చాలామంది లెక్క వేసుకుంటారు. ఆ లెక్క ఇప్పుడు పనికిరాదు.

ఈ రెండు మెసేజ్‌లు చూడండి. మొదటిది: "ప్రియమైన వినియోగదారు, మీ ప్యాకేజీ డెలివరీ విఫలం. చిరునామా నవీకరించు", కింద ఒక పొట్టి లింకు. రెండోది: "మీ పార్శిల్ మా కేంద్రానికి చేరింది. చిరునామాలో ఇంటి నంబరు లేనందున తిరిగి పంపడానికి స్వల్ప రుసుము చెల్లించగలరు. అసౌకర్యానికి చింతిస్తున్నాము." మొదటిది అసలు కంపెనీదీ, రెండోది మోసగాడిదీ అయ్యే అవకాశం బాగానే ఉంది.

అసలు కంపెనీ మెసేజ్‌ని సాధారణంగా మనిషి కూర్చుని రాయడు. ముందే తయారుచేసిన వాక్యంలో పేరు, నంబరు మాత్రం సాఫ్ట్‌వేర్ నింపుతుంది. అనువాదం కూడా యంత్రమే చేసి ఉండొచ్చు. పైగా తెలుగు లిపిలో ఒక ఎస్ఎంఎస్‌కి 70 అక్షరాలే పడతాయి. అందుకే మాటలు ముక్కలవుతాయి, లింకులు పొట్టివవుతాయి. మోసగాడు మాత్రం అసలు మెసేజ్‌ని కాపీ కొట్టి లింకు ఒక్కటి మార్చేస్తే చాలు, భాష చక్కగానే ఉంటుంది.

పంపినవారి పేరును కూడా నమ్మడానికి లేదు. చాలా నెట్‌వర్కుల్లో ఆ పేరును నకిలీ చేయవచ్చు. ఫోన్ ఒకే పేరుతో వచ్చినవాటిని ఒకే చోట పేరుస్తుంది కాబట్టి, నిన్నటి నిజమైన ఓటీపీ కిందే ఇవాళ్టి దొంగ మెసేజ్ వచ్చి కూర్చోవచ్చు.

మరి తేల్చుకోవడం ఎలా? మెసేజ్ ఎలా ఉందన్నది పక్కన పెట్టి, అందులోని విషయం వేరే దారిలో కనబడుతుందా అని చూడాలి. లింకు ముట్టుకోకుండా, మీరు కొన్న షాపింగ్ యాప్ తెరిచి ఆర్డర్ల పేజీకి వెళ్లండి. అక్కడ ట్రాకింగ్ నంబరు, డెలివరీ కంపెనీ పేరు ఉంటాయి. ఆ కంపెనీ సైటు చిరునామా మీరే టైప్ చేసి నంబరు వేయండి. చిరునామా సమస్య నిజమైతే చాలావరకు అక్కడే కనిపిస్తుంది, అక్కడే సరిచేసుకోవచ్చు. నంబరు సరిపోయినా సరే, డబ్బు మాత్రం మెసేజ్‌లోని లింకులో కట్టకండి. ఆర్డర్ వివరాలు బయటికి పొక్కడం కొత్తేమీ కాదు. విషయం ఎక్కడా కనబడకపోతే ఆ కంపెనీకి మీరే ఫోన్ చేసి అడగండి.

లింకును చదవాల్సి వస్తే కుడివైపు నుంచి చదవండి. మీ బ్యాంకు సైటు `bank.example` అనుకుందాం. ఇలాంటి లింకు వచ్చింది:

```
https://bank.example.secure-login.test/kyc
```

`https://` తర్వాత వచ్చే మొదటి `/` గీత దగ్గర ఆగి, అక్కడినుంచి వెనక్కి చూడండి. ఈ సైటు యజమాని `secure-login.test`, మీ బ్యాంకు కాదు. బ్యాంకు పేరు ఎడమవైపు ఎవరైనా తగిలించుకోవచ్చు. తాళం గుర్తు ఉందని ధీమా పడొద్దు. మధ్యలో ఎవరూ చదవలేరని తప్ప, అవతలివాడు మంచివాడని అది చెప్పదు. పొట్టి లింకుల్లో ఇదేదీ కనబడదు కాబట్టి వాటికి యాప్ దారి ఒక్కటే గతి.

"స్వల్ప రుసుము" మీద కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మోసగాడికి కావలసింది ఆ చిల్లర కాదు, మీ కార్డు నంబరు. మీరు వివరాలు నింపుతుండగానే అవతల వాడు ఆ కార్డుతో పెద్ద కొనుగోలు మొదలుపెడతాడు, లేదా దాన్ని తన ఫోన్‌లోని వ్యాలెట్‌కి చేర్చుకోబోతాడు. అప్పుడు బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ నిజమైనదే. అంకెలు మాత్రమే చూసి కొట్టకుండా ఆ మెసేజ్ మొత్తం చదవండి. ఎంత మొత్తం, ఎవరికి అన్నది సాధారణంగా అందులోనే ఉంటుంది. చిన్న రుసుము కడుతుంటే పెద్ద మొత్తమో, కార్డును వ్యాలెట్‌కి చేర్చే మాటో కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

బ్యాంకు పేరుతో ఫోన్ వస్తే కూడా పద్ధతి ఇదే. నిజంగా మోసాల విభాగం వాళ్లే చేసి ఉండొచ్చు. "నేనే తిరిగి చేస్తానండీ" అని పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు చేయండి. అసలు ఉద్యోగి దీనికి అభ్యంతరం చెప్పడు. పెట్టొద్దని టెన్షన్ పెట్టినా, ఓటీపీ లేదా పిన్ చదవమన్నా, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా, డబ్బును "సేఫ్ అకౌంట్"కి మార్చమన్నా అది మోసమే.

కార్డు వెనక ఉన్న ఆ నంబరును ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, కార్డు చేతిలో లేనప్పుడు పనికొస్తుంది. వివరాలు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, డబ్బు పోయిందా లేదా అని ఎదురుచూడకుండా దానికే ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. కార్డును ఏదైనా వ్యాలెట్‌కి చేర్చారేమో కూడా అడిగి, ఉంటే తీసేయించండి.