నెల్లూరులో ఆపిన పనిని డాలస్ టీం సరిగ్గా అందుకోవాలంటే నోటు ఎలా రాయాలి?

మాది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఐదుగురం పనిచేసే చిన్న ఆఫీసు. అమెరికాలో డాలస్‌లో ఉన్న ఇంకో టీంతో కలిసి దుకాణాలవాళ్ల సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూసుకుంటాం. మేం మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 దాకా ఉంటాం. మేం ఆపిన చోట నుంచి వాళ్లు అందుకుంటారు. రెండేళ్ల కిందట జూన్‌లో ఒక రాత్రి 8:55కి నేను ఇలా రాసి ఇంటికి వెళ్లిపోయాను: "స్టాక్ ఫైల్ ఇష్యూ ఇంకా ఉంది. చూస్తున్నాం. ప్లీజ్ చెక్."

అక్కడి అబ్బాయి చెక్ చేశాడు. ఫైల్ అసలు ఎక్కలేదనుకుని మొత్తాన్ని మళ్లీ ఎక్కించాడు. అందులో 11,840 లైన్లున్నాయి. వాటిలో 11,803 అప్పటికే ఎక్కాయి, ఆగినవి 37 మాత్రమే. వచ్చిన సరుకును ఉన్న నిల్వకు కలపడం ఆ ఫైల్ పని. దాంతో 11,803 లైన్ల సరుకు రెండోసారి కలిసింది. దాన్ని సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. అతని తప్పేమీ లేదు. మళ్లీ ఎక్కించకూడదని నాకు తెలుసు, కానీ నోటులో రాయలేదు.

ఒకే గదిలో కూర్చునేవాళ్లయితే తల తిప్పి అడిగేస్తారు. డాలస్‌లో ఉదయం 11కి ఒక సందేహం వచ్చిందంటే అప్పటికి మనకు రాత్రి 9:30, ఆఫీసు మూసేశాం. మర్నాడు మధ్యాహ్నం 12కి వచ్చి జవాబు రాస్తాం. అది వాళ్లు చదివేది వాళ్ల ఉదయం 8కి. చిన్న ప్రశ్నకు 21 గంటలు పోయాయి. అందుకే నోటు చదివిన మనిషికి ఏ ప్రశ్న వస్తుందో ముందే ఊహించి, దానికి జవాబు కూడా అందులోనే పెట్టాలి.

ముందు: ఈ పని అప్పజెప్పాల్సిందేనా?

ప్రతి పనినీ దాటించక్కర్లేదు. ఇంకో 40 నిమిషాల్లో అయిపోయే పనిని వివరించడానికే అరగంట పడుతుందంటే, కూర్చుని ముగించడం మేలు. మనసులో ఇంకా రూపం రాని ఆలోచన, ఉదాహరణకు కొత్త రిపోర్టు ఎలా ఉండాలన్నది, రాత్రికి వాళ్లకిస్తే వాళ్లు ఇంకో దారిలో వెళ్తారు, పొద్దున మనం మళ్లీ మొదలుపెడతాం. అలాంటిది ఒక్కరి దగ్గరే ఉంచండి, ఒక రోజు ఆగినా నష్టం లేదు. దుకాణాల్లో బిల్లింగే ఆగిపోయిందనుకోండి, అది నోటుతో తేలే వ్యవహారం కాదు, ఫోన్ చేయాలి. అప్పజెప్పడానికి అనువైనది ఇవేవీ కాని పని: ఏం చేయాలో తెలుసు, ఇంకా కొన్ని గంటల పని ఉంది, ఎవరు చేసినా ఫలితం ఒకటే.

నోటులో ఏం ఉండాలి

మా నాన్న అల్లూరు దగ్గర రొయ్యల గుంట చేసేవాడు. రాత్రి కాపలా మనిషి పొద్దున వచ్చినవాడికి "అంతా బాగానే ఉంది" అని చెప్పి వెళ్తే ఊరుకునేవాడు కాదు. ఎన్ని ఏరేటర్లు తిరిగాయి, చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది, ఏ మోటార్ స్విచ్ షాక్ కొడుతోంది కాబట్టి ముట్టుకోకూడదు, ఇవి చెప్పాలి. మా నోటుకు నేను పెట్టుకున్న వరస దాదాపు అదే. ఆ జూన్ రాత్రి నేను రాయాల్సింది ఇది (నిజానికి ఇంగ్లీషులో రాసుకుంటాం, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను):

> పని: 11 జూన్ స్టాక్ ఫైల్‌లో 37 లైన్లు ఎక్కలేదు.
>
> ఇప్పటి స్థితి: 11,840లో 11,803 సరిగ్గా ఎక్కాయి. ఆగిన 37 లైన్ల జాబితా టికెట్‌కు జతచేశాను.
>
> చేయకూడనిది: మొత్తం ఫైల్‌ను మళ్లీ ఎక్కించవద్దు. ఎక్కిన సరుకు రెండోసారి కలుస్తుంది.
>
> చూసింది: ఆ 37 లైన్లలోనూ వస్తువు కోడ్ 7 అంకెల బదులు 6 అంకెలే ఉంది. మొదటి సున్నా లేదు.
>
> అనుకుంటున్నది, ఇంకా తేలలేదు: మాకు పంపేముందు ఎవరో ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసి ఉండొచ్చు.
>
> తర్వాత చేయాల్సింది: గోదాము పంపిన అసలు ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ కోడ్‌లు చూడండి. సున్నా ఉంటే, ఆ 37 లైన్లను మాత్రమే వేరే ఫైల్‌గా ఎక్కించండి. అందులో కూడా లేకపోతే అక్కడితో ఆపి, చూసింది రాసిపెట్టండి. గోదాము నుంచి ఫైల్ తీసే ప్రోగ్రామ్‌ను మేం చూస్తాం.
>
> గడువు: 12 జూన్, డాలస్ మధ్యాహ్నం 2 (నెల్లూరు 13 జూన్, అర్ధరాత్రి దాటాక 12:30).

అన్నీ అంకెలే ఉన్న కోడ్‌ను ఎక్సెల్ సంఖ్యగా తీసుకుని ముందున్న సున్నాను తీసేస్తుంది, సేవ్ చేస్తే అది పోయినట్టే. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవమని ప్రత్యేకంగా రాసింది అందుకే. లేకపోతే తనిఖీ చేసే మనిషి కూడా అసలు ఫైల్‌ను ఎక్సెల్‌లోనే తెరిచి, "ఇందులోనూ సున్నా లేదు" అని నిర్ణయానికి వస్తాడు.

ఈ నోటులో చూసినదీ అనుకుంటున్నదీ వేరువేరు లైన్లలో ఉన్నాయి. వాటిని కలిపి "ఎక్సెల్ వల్ల సున్నాలు పోయాయి" అని రాస్తే, అవతలివాళ్లు అది తేలిన విషయమనుకుని అసలు ఫైల్ చూడకుండానే ముందుకెళ్తారు. మన ఊహ తప్పయితే ఆ రాత్రి పని వృథా.

అన్నిటికంటే విలువైనది "లేకపోతే" అన్న వాక్యం. మామూలుగా మనం మొదటి అడుగు రాసి వదిలేస్తాం. ఆ అడుగులో అనుకున్నది కనబడకపోతే వాళ్లకు రెండే దారులు: ఆగిపోవడం, లేదా తోచింది చేయడం. రెండో దారి ఎలా ఉంటుందో ముందే చూశాం. ప్రతి అడుగుకూ ఒక "లేకపోతే" రాయండి. రాయడానికి ఏమీ తోచకపోతే "అక్కడితో ఆపండి" అని రాసినా చాలు.

నోటు ఎప్పుడు రాయాలి

ఇంటికి వెళ్లేముందు రాస్తే ఆలస్యమే. వేసవిలో డాలస్‌లో ఉదయం 8 అయ్యేసరికి మనకు సాయంత్రం 6:30. అక్కడి నుంచి రాత్రి 9 దాకా రెండున్నర గంటలు ఇద్దరం ఒకేసారి పనిలో ఉంటాం. నోటు 6:15కే సిద్ధంగా ఉండాలి. వాళ్లు కాఫీ తాగుతూ చదువుతారు, 7కి మాట్లాడుకుంటాం. 8:45కి నోటులో మారిన వాక్యాలు మాత్రమే దిద్దుతాం. నేను 8:55కి రాసిన రోజు, కలిసి ఉన్న సమయమంతా ఎవరి పని ఎంతవరకు వచ్చిందో ఒక్కొక్కరం చదివి వినిపించుకోవడంతోనే అయిపోయింది. అది కాగితం మీద ఉండాల్సిన విషయం.

ఒక్కసారే కూర్చుని రాయడం కష్టం కాబట్టి మధ్యాహ్నం రాగానే టికెట్‌లో ఖాళీ నోటు తెరిచి, చూసింది చూసినట్టు చేరుస్తూ ఉంటాం. మన జిల్లాలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. నవంబరు, డిసెంబరులో వానలు ముదిరితే కరెంటు, నెట్ ఎప్పుడు పోతాయో చెప్పలేం. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు మార్గమే దెబ్బతింది. మధ్యాహ్నం 3 దాకా తెలిసింది టికెట్‌లో ఉంటే, 4కి నెట్ పోయినా డాలస్‌వాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టగలరు.

కలిసి ఉన్న సమయంలో ఏం చేయాలి

అందుకునే మనిషి తన మాటల్లో తిరిగి చెప్పాలి: "అయితే నేను మొత్తం ఫైల్ నడపను, గోదాము ఫైల్‌లో 37 కోడ్‌లు చూస్తాను, సున్నా లేకపోతే ఆపేస్తాను." ఇది ఆసుపత్రుల నుంచి నేర్చుకున్నది. డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పజెప్పడానికి ఐ-పాస్ అనే పద్ధతి ఉంది. దాని చివరి మెట్టు, విన్నవాళ్లు తిరిగి చెప్పడమే. ఉత్తర అమెరికాలో తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో దాన్ని అమలుచేసి చూస్తే వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు. అక్కడ దాంతోపాటు శిక్షణ, రాతలో మార్పులు కూడా ఉన్నాయి కాబట్టి ఆ ఫలితం ఒక్క మెట్టుదే అనలేం. కానీ మా అనుభవంలో "ఓకే, అర్థమైంది" అన్న రోజులకూ తిరిగి చెప్పించుకున్న రోజులకూ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మొదట్లో బడిపిల్లల్ని పాఠం అప్పజెప్పమన్నట్టు మొహమాటంగా ఉంటుంది. వాళ్లు చెప్పింది మేం కూడా తిరిగి చెప్పేలా రెండువైపులా పెట్టుకున్నాక ఆ ఇబ్బంది పోయింది.

దీనికి ఒక్కో పనికి రెండు నిమిషాలు చాలు. మిగిలిన సమయాన్ని ఖాళీగా ఉంచండి, స్క్రీన్ చూపించి కలిసి చూడాల్సినవి అప్పుడే చూడండి.

గడియారం మారినప్పుడు

మన సమయం ఏడాదంతా ఒకటే. డాలస్‌లో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. నవంబరు నుంచి వాళ్ల ఉదయం 8 అంటే మనకు 7:30, కలిసి ఉండేది గంటన్నరే. కావలి నుంచి రోజూ రైల్లో వచ్చివెళ్లే అమ్మాయి మా టీంలో ఉంది. ఆమెను ఇంకో గంట ఉండమనడం న్యాయం కాదు. అందుకని చలికాలంలో మంగళ, గురువారాలు డాలస్‌వాళ్లు ఉదయం 7కే వస్తారు, మిగతా రోజుల్లో ఆమె పనిని నేను అప్పజెప్తాను. ఈ ఒప్పందం అక్టోబరులోనే చేసుకోవాలి. ఆ సోమవారం వచ్చాక తెలుసుకుంటే మొదటి వారమంతా మీటింగ్‌లో ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటమే.

క్యాలెండర్‌లో మీటింగ్ ఏ ఊరి సమయంతో పెట్టారో చూడండి. `Asia/Kolkata` అని ఉంటే మనకు కదలదు, వాళ్లకు కదులుతుంది. డాలస్ సమయంతో పెట్టాలంటే `America/Chicago` ఎంచుకోవాలి, జాబితాలో డాలస్ పేరు వేరుగా ఉండదు. నోటులో "ఈ రాత్రికి", "రేపటికి" అని ఎప్పుడూ రాయకండి. తేదీని 06/12 అని కూడా రాయకండి. మనకు అది డిసెంబరు 6, వాళ్లకు జూన్ 12. నెల పేరు అక్షరాల్లో రాసి, పక్కన రెండు ఊళ్ల సమయాలూ పెట్టండి.

నోట్లు పనిచేస్తున్నాయా, ఎలా తెలుస్తుంది?

శుక్రవారం మధ్యాహ్నం ఆ వారం అప్పజెప్పిన పనులన్నీ తెరిచి ఒక్కటే చూస్తాను: ఏ పని అయినా మనం ఆపిన చోటే ఉండి, ఒక ప్రశ్నతో తిరిగి వచ్చిందా? వస్తే, ఆ ప్రశ్నకు జవాబు నోటులో ఏ లైన్‌లో ఉండాల్సిందో గుర్తుపెడతాను. మాకు ఎక్కువసార్లు దొరికినవి రెండు: "లేకపోతే" లేకపోవడం, ఫైల్ లేదా పాస్‌వర్డ్ అనుమతి అవతలివాళ్లకు లేకపోవడం. రెండోదాని కోసం ఇప్పుడు, నోటుకు జతచేసిన ప్రతి లింకూ వాళ్లకు తెరుచుకుంటుందో లేదో 6:30కి వాళ్లు రాగానే అడుగుతున్నాం.