మూడు నెలల డిపాజిట్ వడ్డీ మీ లెక్కతో కలవట్లేదా? హారంలో ఏముందో చూడండి

నేనుండేది సింగపూర్‌లో. ఇక్కడ సింగపూర్ డాలర్లలో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లకు వడ్డీ ఎంతొస్తుందో ముందే చూసుకోవడానికి ఎక్సెల్‌లో ఒక షీటు పెట్టుకున్నాను, అది ఎప్పుడూ పైసాతో సహా కలిసేది. 2025 మార్చి 17న 20,000 అమెరికా డాలర్లు మూడు నెలలకు వేసి, వడ్డీ ఏడాదికి 4 శాతం కాబట్టి అదే షీటులో పై వరస కాపీ చేసి కింద పేస్ట్ చేశాను. వడ్డీ 201.64 అని చూపించింది. జూన్ 17న బ్యాంకు జమ చేసింది 204.44.

2.80 డాలర్లు ఎక్కువ. తక్కువొచ్చి ఉంటే ఆ రోజే ఫోన్ చేసి అడిగేవాణ్ణి, ఎక్కువొచ్చేసరికి నోరు మూసుకుని కూర్చున్నాను గానీ, లెక్క కలవకపోతే నాకు నిద్ర పట్టదు. మీకూ ఇలాంటిదే తగిలితే నేను పట్టుకున్న దారి ఇది.

ముందు రోజులు లెక్కపెట్టండి

రేటు, అసలు మారలేదు కాబట్టి అనుమానం మొదట రోజుల మీదకే పోతుంది. మార్చిలో మిగిలినవి 14, ఏప్రిల్ 30, మే 31, జూన్‌లో 17, మొత్తం 92. డబ్బు వేసిన రోజు, తీసిన రోజు రెండింటిలో ఒకదాన్నే లెక్కలోకి తీసుకోవాలి, రెండూ కలిపితే 93 అవుతుంది. చాలామంది చేతి లెక్క తప్పేది ఇక్కడే. ఇంకోటి, గడువు తేదీ శని, ఆదివారాల్లో పడితే చాలా బ్యాంకులు దాన్ని తర్వాతి పని రోజుకు జరుపుతాయి. 2024 మార్చి 15న మూడు నెలలకు వేసినవాళ్లకు జూన్ 15 శనివారం అయింది, గడువు సోమవారానికి జరిగితే అక్కడే 92 కాస్తా 94 అయిపోతుంది. నా విషయంలో జూన్ 17 మంగళవారం, కాబట్టి అనుమానం లేకుండా 92 రోజులే.

తర్వాత భాగించి చూడండి

తేడా ఎంతో చూస్తే ఏమీ తెలియదు, నిష్పత్తి చూడాలి. బ్యాంకు ఇచ్చినదాన్ని మీ లెక్కతో భాగించండి. 204.44 ని 201.64 తో భాగిస్తే 1.0139 వచ్చింది. ఈ అంకె కనబడితే ఇంక వెతకనక్కర్లేదు, 365 ని 360 తో భాగిస్తే వచ్చేది ఇదే. నేను ఏడాది వడ్డీని 365 భాగాలు చేసి అందులో 92 తీసుకున్నాను, బ్యాంకు 360 భాగాలు చేసి 92 తీసుకుంది. ఏడాది వడ్డీ 800 డాలర్లు. రోజుకు నా లెక్కలో 2.19, బ్యాంకు లెక్కలో 2.22. ఆ మూడు సెంట్ల తేడానే 92 రోజులు పోగుపడి 2.80 అయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ తేడా వడ్డీలో 1.39 శాతమే, వారం రోజుల డిపాజిట్‌కైనా ఆరు నెలలదానికైనా అంతే, గడువు తగ్గినంత మాత్రాన పెరగదు. పెరిగేది ఒక రోజు పొరపాటు. 92 రోజుల్లో ఒక రోజు తప్పితే 1.09 శాతం తేడా, ఏడు రోజుల డిపాజిట్‌లో ఒక రోజు తప్పితే ఏకంగా 14 శాతం. అందుకే వారం, పది రోజుల డిపాజిట్‌లో పెద్ద తేడా కనిపిస్తే 360 ని తిట్టుకోకండి, తేదీలు మళ్లీ చూడండి.

ఈ పరీక్ష మోసం చేసే చోటు కూడా ఒకటుంది. 72 రోజుల డిపాజిట్. 72 ని 360 తో భాగించినా, 73 ని 365 తో భాగించినా సరిగ్గా ఐదో వంతే. అంటే బ్యాంకు 360 వాడిందా, లేక 365 వాడుతూ ఒక రోజు ఎక్కువ లెక్కేసిందా అన్నది వడ్డీ మొత్తం చూసి ఎవరూ చెప్పలేరు, సెంట్లతో సహా ఒకటే వస్తుంది. రెండు నెలలు దాటి మూడు నెలల లోపు వేసే డిపాజిట్లకు నిష్పత్తిని పూర్తిగా నమ్మొద్దనేది ఇందుకే, రసీదు మీద మొదటి తేదీ, చివరి తేదీ, రోజుల సంఖ్య చూసుకున్నాకే ఒక మాట అనుకోవాలి.

మరి సింగపూర్ డాలర్లకు ఎందుకు కలిసింది?

ఎందుకంటే ఇది బ్యాంకును బట్టి కాదు, కరెన్సీని బట్టి ఉంటుంది. అమెరికా డాలర్, యూరోలలో బ్యాంకులు తమలో తాము తక్కువ కాలానికి అప్పులిచ్చుకునే మార్కెట్లో ఏడాదికి 360 రోజులనే ఆనవాయితీ. బ్రిటిష్ పౌండ్, సింగపూర్ డాలర్, హాంకాంగ్ డాలర్, మన రూపాయి వీటన్నిటికీ 365. బ్యాంకు మన డాలర్లు తీసుకుని ఆ మార్కెట్లోనే తిప్పుతుంది కాబట్టి మనకూ అదే లెక్క కట్టడం దానికి సుఖం. ఒకే బ్యాంకులో, ఒకే రోజు, ఒకే రేటుకు రెండు కరెన్సీల్లో వేసినా వడ్డీ వేరుగా రావడానికి కారణం ఇదే. నా షీటులో హారం 365 అని చేత్తో కొట్టి పెట్టేశాను, కరెన్సీ మారినా అది మారలేదు. తప్పు నాదే.

అన్నట్టు 360 మనకేం కొత్త కాదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 30 రోజుల లెక్కే కదా, ఫిబ్రవరికి 28 రోజులే ఉన్నాయని రెండు రూపాయల్లో పైసలు తగ్గించిన షావుకారును ఎక్కడైనా చూశారా? కాకపోతే అది వేరే జాతి 360. ఊరి లెక్కలో పైన రోజులు కూడా 30 చొప్పున కడతారు, కింద ఏడాది 360. డాలర్ డిపాజిట్‌లో పైన అసలు రోజులు (92), కింద మాత్రమే 360. ఈ రెండూ కలిపేసుకుంటే తికమక తప్పదు, ఎక్సెల్ కూడా సరిగ్గా ఇక్కడే ఇరికిస్తుంది.

ఎక్సెల్ వాడేవాళ్లకు

`YEARFRAC` ఫార్ములాలో చివర ఒక అంకె ఇవ్వాలి. అది ఇవ్వకుండా వదిలేస్తే ఎక్సెల్ 0 అనుకుంటుంది, 0 అంటే మన షావుకారు లెక్క, అమెరికా పద్ధతిలో.

```
=20000*4%*YEARFRAC(DATE(2025,3,17),DATE(2025,6,17),0)
=20000*4%*YEARFRAC(DATE(2025,3,17),DATE(2025,6,17),2)
=20000*4%*YEARFRAC(DATE(2025,3,17),DATE(2025,6,17),3)
```

మొదటిది 200.00 ఇస్తుంది, మూడు నెలలంటే 90 రోజులే అనుకుంటుంది కాబట్టి. రెండోది 204.44, మూడోది 201.64. అవే డబ్బులు, అవే తేదీలు, మూడు జవాబులు. డాలర్, యూరో వరసల్లో 2 పెట్టండి, పౌండ్, సింగపూర్ డాలర్, రూపాయి వరసల్లో 3. కరెన్సీ పక్కనే ఈ అంకెకు ఒక కాలమ్ పెట్టి ఫార్ములా అక్కడి నుంచి తీసుకునేలా మార్చాక నా షీటు మళ్లీ దారిలో పడింది.

ఫిబ్రవరిలో ఈ తేడా తలకిందులవుతుంది, అదీ ఒకసారి చూసి పెట్టుకోండి. ఫిబ్రవరి 1 నుంచి మార్చి 1 దాకా ఇదే డిపాజిట్ అయితే 30 రోజుల లెక్కలో 66.67 వస్తుంది, అసలు రోజులు 28, హారం 360 అయితే 62.22, హారం 365 అయితే 61.37. అంటే 0 తో లెక్కేసుకుని నాలుగున్నర డాలర్లు ఎక్కువ ఆశపడి, బ్యాంకు కోసేసిందని గొడవకెళ్లే ప్రమాదం ఈ నెలలోనే.

లీపు సంవత్సరం తేడా ఇంత ఉండదు. కొన్నిచోట్ల హారం 366 చేస్తారు, అప్పుడు వడ్డీ 0.27 శాతం తగ్గుతుంది. 92 రోజులకు 201.64 బదులు 201.09. మీ నిష్పత్తి 0.9973 దగ్గర వస్తే సంగతి అదే.

వేసేముందు రేట్లు పోల్చుకోవాలంటే

360 లెక్క రేటును 365 తో గుణించి 360 తో భాగించండి, అప్పుడే రెండూ ఒకే తూకానికి వస్తాయి. 360 మీద 4 శాతం అంటే 365 మీద 4.056. కాబట్టి ఒక చోట 4.05 శాతం అని, హారం 365 అని చెప్పి, ఇంకో చోట 4 శాతం అని, హారం 360 అని చెబితే రెండోదే మేలు. 92 రోజులకు మొదటిది 204.16, రెండోది 204.44. ఇరవై ఎనిమిది సెంట్ల కోసం ఇంత తంటా ఎందుకంటారా, నిజమే, కానీ బోర్డు మీద చూసి 4.05 పెద్దదనుకోవడం మాత్రం తప్పే. అదే మీరు అప్పు తీసుకునేవాళ్లయితే మొత్తం తిరగేసుకోండి, 360 అక్కడ మీ జేబుకే చిల్లు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ గొడవ కొంత తక్కువ. అక్కడి వినియోగదారుల డిపాజిట్ల నిబంధన ప్రకారం రోజు రేటు ఏడాది రేటులో కనీసం 365వ వంతు ఉండాలి (లీపు ఏడాదిలో 366వ వంతు ఇవ్వొచ్చు), అంతకంటే ఎక్కువ, అంటే 360వ వంతు, కావాలంటే ఇవ్వొచ్చు. పైగా బ్యాంకులన్నీ APY, అంటే చక్రవడ్డీతో కలిపి ఏడాదికి వచ్చే రాబడి శాతం, చూపించాలి, అది 365 మీదే లెక్క కట్టేది కాబట్టి ఒకదానితో ఒకటి నేరుగా పోల్చుకోవచ్చు.

ఇండియాకు డాలర్లు పంపి వేసేవాళ్లకు

రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు 365 అలవాటైపోయి, ఎఫ్‌సీఎన్‌ఆర్ (బి) అనే ఎన్నారైల విదేశీ కరెన్సీ డిపాజిట్ వేసినప్పుడు మనవాళ్లు తడబడేది ఇక్కడే. దానికి రిజర్వ్ బ్యాంక్ నిబంధనలోనే ఏడాదికి 360 రోజులని ఉంది. ఏడాది దాటిన గడువులకు 180 రోజులకోసారి వడ్డీ కట్టి, చివర మిగిలిన రోజులకు అసలు రోజుల లెక్కన ఇస్తారు. ఏడాది కూడా ఉంచకుండా తీసేస్తే వడ్డీ అసలే రాదు, అప్పుడు ఏ హారమైనా ఒకటే.

10,000 డాలర్లు 4 శాతానికి రెండేళ్లు వేశారనుకోండి, మధ్యలో ఫిబ్రవరి 29 లేదు, వడ్డీ అసలులోనే కలుపుకుంటూ పోతున్నారు. మామూలు ఆరు నెలల చక్రవడ్డీ కాలిక్యులేటర్ 10,824.32 చూపిస్తుంది. బ్యాంకు లెక్క వేరు. 180 ని 360 తో భాగిస్తే సరిగ్గా సగం కాబట్టి ఒక్కో విడతకు 2 శాతం, నాలుగు విడతలకు అదే 10,824.32 అవుతుంది. కానీ నాలుగు 180 లంటే 720 రోజులే, రెండేళ్లంటే 730. మిగిలిన ఆ పది రోజులకు ఇంకో 12.03 కలిసి మొత్తం 10,836.35 వస్తుంది. మీ స్టేట్‌మెంట్‌లో చివర్న విడిగా ఒక చిన్న వడ్డీ జమ కనిపిస్తే అది ఈ పది రోజులదే.