జలుబు మాత్ర వేసుకున్నాక బండి తీయొచ్చా లేదా ఎలా తేల్చుకోవాలి?

మా బావమరిది బొలెరో తోల్తాడు, కొత్తపట్నం వైపు చెరువుల కాడ రొయ్యలు ఎక్కించుకోని తెల్లారేసరికి నెల్లూరు చేర్చాలి. మొన్న చలికాలంలో జలుబు చేసి రాత్రి పదిన్నరకి ఒక మాత్ర మింగి పడుకున్నాడు, మూడింటికి లేచి బండి తీశాడు. టంగుటూరు టోల్ కాడ డబ్బులు కట్టింది గుర్తుందంట, ఆ తర్వాత సింగరాయకొండ దాకా ఏం జరిగిందో గుర్తు లేదు, టైర్లు రోడ్డు అంచు మట్టిలోకి దిగి దడదడమంటే అప్పుడు తేరుకున్నాడు. "నాకసలు నిద్రే రాలేదు బావా, కళ్ళు తెరుచుకోనే ఉన్నా" అన్నాడు. అబద్ధం కాదది, అసలు భయపడాల్సింది దానికే.

ముందు మాత్ర అట్ట వెనక్కి తిప్పి మందు పేరు చదవండి, కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండేది. క్లోర్‌ఫెనిరమిన్ అనుంటే (మామూలు జలుబు మాత్రల్లో చాలావాటిల్లో ఉంటది) అది మెదడులోకి పోయి మనల్ని మెలకువగా ఉంచే హిస్టమిన్ పనిని ఆపేసిద్ది. సెట్రిజిన్ కొంచెం నయం, కానీ అది కూడా కొంతమందికి మత్తిస్తది. అల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, డయాజెపామ్ లాంటి నిద్ర మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ అయితే ఇంకా జాగ్రత్త. పేరు అర్థం కాకపోతే మందుల షాపులో "అన్నా, ఇది వేసుకోని బండి తోలాలి, మత్తొస్తదా" అని సూటిగా అడగండి, డ్రైవర్నని కూడా చెప్పండి, ఫెక్సోఫెనడిన్ లాంటి మత్తు తక్కువది ఉంది, అది మీకు సరిపోద్దేమో డాక్టర్ని అడగొచ్చు.

తర్వాత టైం లెక్కేయండి. క్లోర్‌ఫెనిరమిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 20 గంటలు పట్టిద్ది, మావాడు బండి తీసింది మాత్ర మింగిన నాలుగున్నర గంటలకే, అంటే మందు చాలావరకు ఒంట్లోనే ఉంది. డయాజెపామ్ అయితే రోజులు ఉంటది. అందుకే పడుకోని లేచాం కదా దిగిపోయిందిలే అనుకోవద్దు. కొత్త మాత్ర ఏదైనా మొదటిసారి వేసుకునేది మర్నాడు బండి తోలే పని లేని రోజున వేసుకోండి.

ఫీలింగ్‌ని మాత్రం నమ్మొద్దు, ఎందుకంటే మత్తు తెలియకుండానే బ్రేక్ మీద కాలు పడటం ఆలస్యమైద్ది. 80 స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోద్ది, అర సెకను లేటైతే 11 మీటర్లు, హైవే మీద అడ్డమొచ్చిన బర్రెకీ మీకూ మధ్య ఉండాల్సిన ఖాళీ అదే. లైను పట్టుకోని నేరుగా పోలేకపోవడం, దాటిన బోర్డులు గుర్తు లేకపోవడం, ఒకే స్పీడు నిలపలేకపోవడం, వీటిల్లో ఒక్కటి కనపడినా పక్కకి ఆపి తాళం తీసేయండి, టీ తాగితే ఆ మందు పోదు.

గంజాయి సంగతి కూడా ఇంతే, "రెండు దమ్ములే కదా" అంటారు. పీలిస్తే మొదటి గంటలో దెబ్బ ఎక్కువ, కొన్ని గంటలు ఉంటది, తింటే ఎక్కడానికే గంట రెండు గంటలు పట్టి ఇంకా ఎక్కువసేపు లాగిద్ది, ఎక్కలేదని బండి తీసినవాడికి దారి మధ్యలో ఎక్కుద్ది. మెల్లగా తోల్తే చాలు అనుకుంటారు, మెల్లగా పోయినా బండి లైన్లో అటూ ఇటూ ఊగుతానే ఉంటది. దానికి కొంచెం మద్యం తోడైతే రెండూ కలిసి ఇంకా చెడగొడతాయి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్‌లో మద్యానికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అని లెక్కుంది, మత్తు మందుకి అట్టాంటి లెక్క రాయలేదు, బండిని అదుపులో పెట్టుకోలేనంతగా మందు పట్టిందా అన్నదే చూస్తారు. కాబట్టి కొంచెమే వాడా అన్నది నిలవదు, డాక్టర్ చీటీ ఉంటే వదిలేయాలని ఆ సెక్షన్‌లో లేదు. మొదటిసారికి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఊదుడు మిషన్లో మాత్ర గానీ గంజాయి గానీ పడదని ధైర్యం చేస్తారు, రక్తం తీస్తే బయటపడిద్ది. గంజాయికైతే తాగినందుకే ఎన్‌డీపీఎస్ చట్టం 27 సెక్షన్ కింద 6 నెలల దాకా జైలో 10,000 దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు, బండి తోలినందుకు పెట్టే కేసు వేరే. యాక్సిడెంట్ అయ్యుంటే మత్తులో తోలాడని చూపించి మీ బండికి ఇన్సూరెన్స్ ఎగ్గొట్టే అవకాశం కూడా ఉంది, పాలసీల్లో ఆ షరతు మామూలే.

మావాడు ఇప్పుడు జలుబు చేస్తే ముందే ఓనరుకి ఫోన్ చేసి, రేపు లోడుకి వేరేవాణ్ణి పెట్టు అన్నా అంటాడు, ఆ రోజు కూలి పోద్ది, అయినా అంతే.