స్లయిడు సర్దడం – నాలుగో పాఠం: అక్షరాల మధ్య గాలి ఆడాలి

పోయిన పాఠంలో ఇంటిపని ఇచ్చాను కదా, మీ దగ్గరున్న స్లయిడుల్లో అన్నిటికంటే కిక్కిరిసిన దాన్ని తీసి పెట్టుకోమని. నేను మా బావది తీసుకున్నాను. ఆయన అనంతపురం చుట్టుపక్కల ఊళ్లలో చీనీ రైతులకు డ్రిప్పు సంరక్షణ గురించి చెబుతుంటాడు. స్లయిడులో పన్నెండు లైన్లు, అన్నీ ఒకే సైజు, ప్రతిదాని ముందూ ఓ చుక్క, మూడు చోట్ల ఎర్ర రంగు, నాలుగు చోట్ల కింద గీత. కొన్ని తీసేద్దామంటే, "అంతా పనికొచ్చేదే గదప్పా, దేన్ని తీసేయాల?" అన్నాడు. నిజమే. అందుకని మాటల జోలికి పెద్దగా పోకుండా చోటునే సర్దాం.

ముందు ఆ లైన్లను కాగితం మీద రాసి, ఏది ఎప్పుడు చేసే పనో పక్కన గుర్తు పెట్టాం. ప్రెషరు గేజీ చూడటం రోజూ పని. ఫిల్టరు కడగడం, లేటరల్ పైపుల చివరలు తెరిచి మురికి నీళ్లు వదలడం వారానికోసారి. యాసిడ్ పట్టించడం ఉప్పు పేరుకున్నప్పుడు. రెండు లైన్లు ఒకే సంగతి చెబుతున్నాయి, ఇంకో రెండు ఆయన ఎలాగూ నోటితో చెప్పేవే. చివరికి తొమ్మిది లైన్లు, మూడు గుంపులు మిగిలాయి: రోజూ, వారానికోసారి, ఉప్పు పేరుకుంటే.

ఇప్పుడు పవర్‌పాయింట్ తెరిచి `Alt+F9` నొక్కండి, గైడ్ గీతలు కనిపిస్తాయి. మామూలు వెడల్పు స్లయిడు 33.87 సెంటీమీటర్లు. గైడ్ జరుపుతుంటే కనిపించే అంకె అంచు నుంచి కాదు, స్లయిడు మధ్య నుంచి లెక్క. కాబట్టి ఎడమ అంచుకు 2 సెంటీమీటర్లు వదలాలంటే గైడును 14.9 దగ్గర నిలపాలి. రెండో గైడ్ ఎడమవైపే 7.4 దగ్గర. శీర్షిక, గుంపుల పేర్లు మొదటి గీత నుంచి మొదలవుతాయి, వివరాలు రెండో గీత నుంచి. అక్షరాలు మొదలయ్యే చోట్లు ఈ రెండే. గుంపు పేరు పక్కన విడిగా నిలిచింది కాబట్టి చుక్కలతో ఇక పనిలేదు, తీసేయండి.

పెట్టెలన్నీ ఎంచుకుని `Align Left` నొక్కినా ఒక్కోసారి వరస వంకరగానే కనిపిస్తుంది. టెక్స్ట్ పెట్టె లోపల ఎడమవైపు 0.25 సెంటీమీటర్ల ఖాళీ ముందే ఉంటుంది, బొమ్మకూ గీతకూ ఆ ఖాళీ ఉండదు. పెట్టెల అంచులు కలుస్తాయి, అక్షరాలు మాత్రం లోపలికి జరిగి ఉంటాయి. `Format Shape`లో టెక్స్ట్ పెట్టె `Left margin`ను 0 చేస్తే సరిపోతుంది.

గుంపుల మధ్య ఖాళీ కోసం ఎంటర్ కొట్టకండి. ఒక్కో గుంపును వేరే పెట్టెలో పెట్టి, `Resize shape to fit text` ఎంచుకుని, ఆ తర్వాతే `Distribute Vertically` నొక్కండి. ఈ వరస తప్పితే పెట్టెల అడుగున మిగిలిన ఖాళీ వల్ల మధ్య దూరాలు తలోరకంగా కనిపిస్తాయి. బావ స్లయిడులో గుంపుల మధ్య ఒకటిన్నర సెంటీమీటరు వచ్చింది. గుంపు లోపలి లైన్ల మధ్య దూరం దీనికంటే బాగా తక్కువగా ఉండాలి. రెండూ సమానమైతే గుంపులు కలిసిపోతాయి.

తెలుగుకు ఉన్న ఇబ్బంది ఇక్కడే. ఆఫీస్ థీమ్‌లో లైన్ల ఎడం మామూలుగా 0.9 ఉంటుంది. ఇంగ్లీషుకు అది చాలు. మనకు పై లైను వత్తులు, కింది లైను గుడులు తగులుకుంటాయి. 1.0 లేదా 1.1 చేయండి. `Shrink text on overflow` కూడా ఆపేయండి, లేకపోతే అక్షరాలను, ఎడాన్ని మీకు చెప్పకుండానే కుదించేస్తుంది.

ఏది ముందు చదవాలో చూపించడానికి ఇంగ్లీషువాళ్లకు పెద్దక్షరాలున్నాయి, మనకు లేవు. కింద గీత గీస్తే వత్తులను కోసేస్తుంది. చిన్న సైజులో బోల్డు చేస్తే అక్షరాల లోపలి సున్నాలు పూడుకుపోతాయి. మిగిలినవి సైజు, రంగు, చోటు. శీర్షిక 36, గుంపు పేరు 24 బోల్డు, వివరాలు 22 మామూలుగా, ముదురు బూడిద రంగులో పెట్టాం. ఎరుపు ఒక్క చోటే ఉంచాం: యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు అన్న లైనుకు. ఇంతకుముందు కూడా అది ఎర్రగానే ఉండేది, మిగతా రెండు ఎరుపుల మధ్య ఎవరి కంటా పడలేదు.

సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే జూమ్‌ను 25 శాతానికి తగ్గించండి. అక్షరాలు చదవలేకపోయినా పైన ఒక ముద్ద, కింద మూడు ముద్దలు విడివిడిగా కనిపించాలి. ఒకే పెద్ద ముద్దగా కనిపిస్తే గుంపుల మధ్య ఎడం చాలలేదన్నమాట. ఎడం పెంచాక అడుగున 2 సెంటీమీటర్లు మిగలకపోతే సైజు తగ్గించకండి, మూడో గుంపును ఇంకో స్లయిడుకు పంపండి.

మీ స్లయిడును ఇలాగే సర్ది, పాతదాన్ని పక్కనే ఉంచుకోండి. వచ్చే పాఠంలో దాని మీదే పట్టిక గీద్దాం.