తట్టు రోజులకు ముందు: మండలం సగటును నమ్మకండి

మూడేళ్ల కిందట మాఘమాసంలో గోదావరి పాయ పక్కనున్న ఒక లంకలో తట్టు మొదలైంది. ఆ మండలంలో నూటికి 95 మంది పిల్లలకు టీకా పడిందని రిజిస్టరులో ఉంది. ఆ అంకె చూసి, టీకాల పనిలో ఉన్న నేను కూడా ఇక భయం లేదనుకున్నాను. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఎండాకాలం ముదిరే దాకా తట్టుకు అనువైన కాలం. ఈ ఏడు కూడా పక్క ఊళ్లలో పిల్లలకు దద్దుర్లతో జ్వరాలు వస్తున్నాయని వింటున్నాము కాబట్టి, నాడు జరిగిన పొరపాటును వివరంగా చెబుతున్నాను.

రక్షణ ఎవరికీ లేని ఊరిలో తట్టు వచ్చిన ఒక్క బిడ్డ నుంచి 12 నుంచి 18 మందికి అది అంటుకుంటుంది. లెక్క సులువుగా ఉండటానికి 15 అనుకుందాము. ఆ 15 మందిలో 14 మందికి ముందే రక్షణ ఉంటే జబ్బు ఒక్కరికే చేరుతుంది, అంతకన్నా ఎక్కువ మందికి ఉంటే గొలుసు తెగిపోతుంది. జబ్బు పాకకుండా ఆగాలంటే నూటికి సుమారు 93 మందికి రక్షణ ఉండాలనే హద్దు ఇలా వచ్చినదే. పోలియో అయితే ఒకరి నుంచి 5 నుంచి 7 మందికి పాకుతుంది కనుక దాని హద్దు 80కి పైన, 86 లోపల ఉంటుంది. తట్టు క్రిమి, రోగి వెళ్లిపోయాక కూడా మూసి ఉన్న గదిలో గాలిలో రెండు గంటల దాకా నిలుస్తుంది; పోలియో ముఖ్యంగా మలంతో కలుషితమైన నీటి ద్వారా, చేతుల ద్వారా పాకుతుంది. హద్దులు వేరుగా ఉండటానికి అదే కారణం. ధనుర్వాతానికైతే అసలు హద్దే లేదు. అది మట్టి నుంచి గాయంలోకి వచ్చేది కాబట్టి, ఊరంతా టీకా వేయించుకున్నా వేయించుకోని మనిషికి రక్షణ రాదు.

ఇక ఆ లంక సంగతి. మండలంలో వెయ్యి మంది పిల్లలు ఉన్నారనుకోండి. రక్షణ లేని 50 మంది అన్ని ఊళ్లలో చెదిరి ఉంటే, రోగి కలిసే 15 మందిలో ఒక్కరు కూడా సరిగా దొరకరు. కానీ ఆ 50 మందీ ఒకే చోట, రేవు దాటి వెళ్లవలసిన లంకలోనూ దాని పక్కన ఇటుక బట్టీల పాకల్లోనూ ఉన్నారు. అక్కడ మొత్తం పిల్లలు వంద మంది. అంటే అక్కడి రక్షణ నూటికి 50 మాత్రమే, ఒక్కొక్కరి నుంచి ఏడెనిమిది మందికి అంటుకోగలదు. మండలం సగటు 95 అయినా తట్టుకు కావలసిన ఊరు దానికి దొరికింది. జబ్బు సగటులో పాకదు, ఇంటి నుంచి ఇంటికి పాకుతుంది.

వేసిన టీకా లెక్క వేరు, పట్టిన టీకా లెక్క వేరు. తొమ్మిదో నెలలో వేసే మొదటి డోసు నూటికి 85 మందికే రక్షణ ఇస్తుంది. అందువల్ల 95 మందికి ఆ ఒక్క డోసే పడితే నిజమైన రక్షణ 81 దగ్గర ఆగిపోతుంది, అది 93కి చాలా తక్కువ. 16 నుంచి 24 నెలల మధ్య వేసే రెండో డోసు ఈ లోటును పూడుస్తుంది.

కాబట్టి ఇప్పుడే ఈ పనులు చేయండి.

ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు మండలం అంకెను పక్కన పెట్టి, ప్రతి లంకకూ, ప్రతి బట్టీకీ, రొయ్యల చెరువుల గట్ల మీది ప్రతి పాకల వరుసకూ విడివిడిగా లెక్క తీయండి.

వలస వచ్చినవారి పిల్లల పేర్లు మన రిజిస్టరులో ఉండవు; పేరు లేని బిడ్డ సగటులో కనిపించదు. వారిని వెతికి రాయండి.

తల్లులు కార్డు తీసి రెండో డోసు గడి చూడండి. ఖాళీగా ఉంటే వచ్చే టీకాల రోజునే వేయించండి.

కార్డు పోయిందా? టీకా మానవద్దు. మళ్లీ పడినా హాని లేదు.

జ్వరం, దగ్గు, ఎర్రని కళ్లతో ముఖం మీద దద్దుర్లు మొదలైతే అదే రోజు ఏఎన్ఎంకు చెప్పండి. దద్దురు రాకముందు నాలుగు రోజులు, వచ్చాక నాలుగు రోజులు అది అంటుకుంటుంది.

అమ్మవారు పోసిందని వేపాకు కట్టుకోండి, కాని చూడటానికి చుట్టాలను పిలవకండి. ఆ బిడ్డను పంటు ఎక్కించి తీర్థానికి తీసుకువెళ్లకండి.

తట్టు వచ్చిన బిడ్డకు విటమిన్ ఎ రెండు రోజులు వరుసగా వేయించండి.

తట్టు బిడ్డతో కలిసిన, టీకా పడని పిల్లలకు 72 గంటలలోగా టీకా వేయిస్తే జబ్బు రాకుండా ఆగే అవకాశం ఉంది. మూడో రోజు దాటనివ్వకండి.

సగటు చూసి ఊరుకోకండి. మీ లంక అంకె అడగండి.

తొమ్మిది నెలలు నిండని పసిబిడ్డ ఉన్న ఇంటికి దద్దురుతో ఎవరూ వెళ్లకండి. ఆ బిడ్డకు ఇంకా టీకా లేదు. చుట్టూ ఉన్నవారికి పడిన టీకాయే దానికి అడ్డు.