అపార్ట్‌మెంట్ కమిటీ ఎన్నికల నోటీసు ఎలా రాయాలి? (నాలుగు లైన్లు రాసి నేను ఇరుక్కున్నాక నేర్చుకున్నది)

మాది నెల్లూరు వేదాయపాళెంలో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, పోయినసారి కమిటీ ఎన్నికలకి నోటీసు రాసింది నేనే. "ఫలానా ఆదివారం కొత్త కమిటీ ఎన్నిక, బకాయిలు లేని సభ్యులందరూ అర్హులు, పోటీ చేయదలచినవారు పేర్లు ఇవ్వగలరు" అని రాసి లిఫ్ట్ పక్కన అంటించేసి చాలా పెద్ద పని చేసినట్టు ఇంటికొచ్చి పడుకున్నా. ఎన్నిక ముందురోజు రాత్రి పదకొండున్నరకి ఒకాయన ఎనిమిది నెలల మెయింటెనెన్స్ ఒకేసారి యూపీఐలో కొట్టి స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టి "నేనూ పోటీలో ఉండా" అన్నాడు. బకాయి లేదు కాబట్టి అర్హుడే అని కొందరు, రాత్రికి రాత్రి కడితే ఎట్లా అని కొందరు. ఇద్దరిదీ న్యాయమే, ఎందుకంటే బకాయి ఏ తేదీకి లేకుండా ఉండాలో నోటీసులో నేను రాయలేదు గదా. ఎన్నిక ఆగిపోయింది, మళ్లీ నోటీసు ఇచ్చి జరిపేలోపు రెండు నెలలు పట్టింది.

అందుకని ఈసారి ఎట్లా రాశామో స్టెప్ బై స్టెప్ చెప్తా. తేదీలన్నీ 2026 ఆగస్టు క్యాలెండర్‌తో ఇస్తా, మీవి మీరు మార్చుకోండి.

ముందు బైలాస్ తీయండి

పెన్ను పట్టుకునే ముందు మీ అసోసియేషన్ బైలాస్ కాపీ వెతకండి. సొసైటీగా రిజిస్టర్ చేసుంటే (మన దగ్గర 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద) జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చిన కాపీ ఒకటి పాత సెక్రటరీ బీరువాలో ఉంటుంది, లేదంటే ఆ ఆఫీసులోనే సర్టిఫైడ్ కాపీకి అప్లై చేసుకోవచ్చు. అందులో మీక్కావాల్సింది మూడే: సభ్యుడంటే ఎవరు, పోటీకి ఏం అర్హత, సర్వసభ్య సమావేశానికి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. బైలాస్‌లో లేని అర్హతని నోటీసులో కొత్తగా పెడతారు. "ఇక్కడే కాపురం ఉండేవాళ్లే పోటీ చేయాలి" అని మా దగ్గర కూడా ఒకాయన గట్టిగా పట్టుబట్టాడు, ఆయన చెప్పేదాంట్లో లాజిక్ ఉంది, బెంగళూరులో ఉండే ఓనరు ఇక్కడ మోటారు కాలిపోతే ఏం చూస్తాడు? కానీ బైలాస్‌లో ఆ మాట లేదు. కావాలంటే ముందు సర్వసభ్య సమావేశంలో బైలాస్ సవరించుకోవాలి, అంతేగానీ నోటీసు రాసేవాడికి రూలు పుట్టించే అధికారం లేదు. ఎవరన్నా దీన్ని పట్టుకుని జిల్లా కోర్టుకి పోతే (సొసైటీ గొడవలకి సెక్షన్ 23 కింద ఆ దారి ఉంది) మొత్తం ఎన్నికకే ఎసరు.

ఎన్నికల అధికారి ఎవరు

పోటీలో లేని మనిషి కావాలి. ప్రస్తుత సెక్రటరీ మళ్లీ నిలబడుతూ నామినేషన్లు కూడా ఆయనే తీసుకుంటే ఎంత నిజాయితీగా చేసినా అనుమానం పోదు. మాకు రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన ఉన్నారు, పోటీ చేయను అని రాసిచ్చాకే ఆయన పేరు కమిటీ తీర్మానంలో పెట్టినాం. నోటీసు కింద ఆయన ఫ్లాట్ నంబరు, ఏ టైంలో ఇంట్లో ఉంటారో కూడా వేయండి, లేకపోతే జనం మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు బెల్లు కొడతారు.

తేదీలు వెనక నుంచి లెక్కేయండి

ముందు పోలింగ్ రోజు ఖాయం చేసుకుని అక్కణ్నించి వెనక్కి రావాలి. మేం ఆగస్టు 23 ఆదివారం అనుకున్నాం. మా బైలాస్‌లో "21 పూర్తి రోజులు" అని ఉంది. పూర్తి రోజులంటే నోటీసు ఇచ్చిన రోజూ లెక్కలోకి రాదు, మీటింగ్ రోజూ రాదు, మధ్యలో ఉండేవే లెక్క. ఆగస్టు 2 నుంచి 22 దాకా లెక్కపెడితే సరిగ్గా 21, అంటే నోటీసు ఆగస్టు 1 శనివారానికల్లా అందరి చేతుల్లో ఉండాలి. "2వ తేదీ ఆదివారం అందరూ ఇంట్లో ఉంటారు, అప్పుడు పంచుదాం" అనుకుంటే 20 రోజులే వస్తాయి, ఆ ఒక్క రోజు చాలు ఎవరన్నా కాలు అడ్డం పెట్టడానికి. నేనైతే రెండు రోజులు ముందే, జూలై 30న పంచేయమంటా.

మధ్యలో ఇట్లా పేర్చుకున్నాం. నోటీసుతో పాటే ఓటర్ల లిస్టు డ్రాఫ్టు అంటించడం. దానిమీద అభ్యంతరాలకి, పాత బకాయిలు కట్టడానికి ఆఖరు ఆగస్టు 5 సాయంత్రం 6. ఫైనల్ లిస్టు 7న. నామినేషన్లు 8 నుంచి 12 దాకా, రోజూ సాయంత్రం 5 నుంచి 7. పరిశీలన 13 సాయంత్రం 6కి, అభ్యర్థులు వచ్చి చూడొచ్చు. ఉపసంహరణ 16 ఆదివారం సాయంత్రం 6 వరకు, ఆ రాత్రికే ఫైనల్ పేర్లు బోర్డు మీద. 15న జెండా పండగ కాబట్టి ఆరోజు ఏ గడువూ పెట్టలేదు. అన్నిటికీ తేదీతో పాటు గంట కూడా రాయండి, "12వ తేదీ లోపు" అని రాస్తే 12 కూడా కలుస్తుందా లేదా అని అక్కడో పంచాయితీ మొదలవుతుంది. శ్రావణంలో పెళ్లిళ్ల ముహూర్తాలుంటాయి, పోలింగ్ రోజు ఖాయం చేసే ముందు పంచాంగం కూడా ఒకసారి చూసుకోండి, సగం మంది ఊళ్లో లేకపోతే కోరం రాదు.

అర్హత పేరా, దీనికే ఎక్కువ టైం పెట్టండి

మొదట బకాయి సంగతి. "2026 జూలై 31 వరకు చెల్లించాల్సిన మెయింటెనెన్స్ మొత్తం ఆగస్టు 5 సాయంత్రం 6 లోపు అసోసియేషన్ ఖాతాలో జమ అయ్యుండాలి" అని రాసినాం. ఇందులో రెండు తేదీలున్నాయి చూడండి, ఏ నెల దాకా బాకీ అనేది ఒకటి, ఎప్పట్లోపు కట్టాలి అనేది ఇంకోటి. రెండోది నామినేషన్లు మొదలవకముందే ఉండాలి, అప్పుడు రాత్రి పదకొండున్నర యూపీఐలకి చోటుండదు. "జమ అయ్యుండాలి" అనడం కూడా కావాలనే, చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయిన కేసు మాకు తెలుసు. ట్రెజరర్ దగ్గర్నుంచి ఫ్లాట్‌వారీ బాకీ లిస్టు ముందే తీసుకుని ఎవరి లెక్క వాళ్లకి చూపించండి, పెయింటింగ్ డబ్బుల మీద గొడవ పడి కట్టని వాళ్లుంటే ఆ మొత్తం కలుస్తుందో కలవదో కమిటీ ముందే తీర్మానం చేసి నోటీసులో ఒక వాక్యం రాసేయాలి.

తర్వాత ఓనరు ఎవరనేది. మన ఊళ్లలో ఫ్లాటు నాన్న పేరుమీద ఉంటుంది, ఉండేదీ మెయింటెనెన్స్ కట్టేదీ కొడుకు. మీటింగులకి వచ్చి గట్టిగా మాట్లాడేదీ ఆయనే, కానీ రిజిస్ట్రేషన్ కాగితం ప్రకారం సభ్యుడు కాదు. అద్దెకుండే వాళ్లు కూడా అంతే. భార్యాభర్తల జాయింటు పేరుంటే ఇద్దరిలో ఒకరికే ఓటు, ఎవరికి అనేది ఇద్దరూ సంతకం పెట్టి 5వ తేదీ లోపు ఇవ్వాలి. ఓనరు చనిపోయి పేరు మారని ఫ్లాట్లు మాకు రెండున్నాయి, వారసులంతా కలిసి ఒకర్ని రాసిస్తే ఓటు ఇద్దామని కమిటీలో అనుకున్నాం, మీ బైలాస్ ఏం చెప్తుందో చూసుకోండి. ఒకాయనకి మూడు ఫ్లాట్లుంటే మూడు ఓట్లా ఒకటా అనేది కూడా బైలాస్‌లోనే ఉంటుంది, ఆ మాట అట్లాగే నోటీసులోకి ఎక్కించండి.

నామినేషన్ ఫారం

ఒక పేజీ చాలు. పేరు, ఫ్లాట్ నంబరు, ఏ పదవికి, ప్రతిపాదించే వాళ్ల సంతకం, బలపరిచే వాళ్ల సంతకం, అన్నిటికన్నా ముఖ్యంగా అభ్యర్థి ఒప్పుకోలు సంతకం. ఆ చివరిది లేకపోతే ఏమవుతుందంటే, సరదాకి ఎవరో ఎవరి పేరో ఇచ్చేస్తారు, గెలిచాక ఆయన "నాకు తెలీదబ్బా" అంటాడు. ఒకరు ఒక పదవికే వేయాలా, రెండిటికి వేసి తర్వాత ఒకటి వెనక్కి తీసుకోవచ్చా అనేది తేల్చి రాయండి.

ఫారం తీసుకోగానే సీరియల్ నంబరు, తేదీ, టైం వేసి రసీదు ఇవ్వాలి. పరిశీలనలో చిన్న స్పెల్లింగ్ తప్పుకి తిప్పి పంపకండి, అర్హత లేకపోతేనో సంతకం లేకపోతేనో తిరస్కరించండి, అదీ కారణం కాగితం మీద రాసి. ఊళ్లో లేనివాళ్లు సంతకం చేసి స్కాన్ ఈమెయిల్‌లో పంపొచ్చా అనేది కూడా నోటీసులో ఉండాలి. పోటీలో ఎంతమంది ఉన్నారో అన్నే పదవులుంటే ఏకగ్రీవం అని 16 రాత్రే ప్రకటించి, 23న సమావేశంలో రికార్డు చేస్తాం.

మేం రాసిన నోటీసు, ముఖ్యమైన భాగం

"అసోసియేషన్ కార్యవర్గంలోని 7 స్థానాలకు (అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహ కార్యదర్శి, కోశాధికారి, సభ్యులు 2) ఎన్నిక 23-08-2026 ఆదివారం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకు సెల్లార్ హాలులో రహస్య బ్యాలెట్ ద్వారా జరుగును. లెక్కింపు 1.30కి అభ్యర్థుల సమక్షంలో. ఓట్లు సమానమైతే లాటరీ. అర్హత, నామినేషన్, ఉపసంహరణ గడువులు వెనుక పేజీలో. గడువు దాటిన నామినేషన్లు స్వీకరించబడవు. అర్హతపై అభ్యంతరాలు ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వవలెను."

ఓట్లు సమానమైతే ఏం చేయాలో బైలాస్‌లో వేరేగా ఉంటే అదే రాయాలి, లాటరీ అనేది మా బైలాస్ మాట.

పంచేటప్పుడు

వాట్సాప్ గ్రూపులో పెట్టడం జనానికి తెలియడానికి బాగుంటుంది, కానీ బైలాస్‌లో వాట్సాప్ అని లేకపోతే దాన్నే నోటీసు ఇచ్చినట్టుగా నమ్ముకోకండి. వాచ్‌మన్‌తో ఇంటింటికీ కాపీ ఇప్పించి రిజిస్టర్‌లో తేదీతో సంతకం తీసుకోవాలి. తాళం వేసున్న ఫ్లాట్లు, హైదరాబాద్, అమెరికా ఓనర్లకి రికార్డులో ఉన్న అడ్రసుకి పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపి ఆ రసీదులు ఒక కవర్లో పెట్టుకోవాలి. బోర్డు మీద అంటించాక, పక్కన ఆరోజు పేపర్ హెడ్డింగ్ కనపడేట్టు ఒక ఫోటో తీసినా మంచిదే, మా హెడ్‌మాస్టరు గారి ఐడియా అది, నవ్వుకున్నాం కానీ చేసినాం.

ఎన్నికయ్యాక మినిట్స్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు, ఎన్ని చెల్లలేదు రాసి, ఎన్నికల అధికారి సంతకంతో కొత్త కమిటీ లిస్టు వారంలోపే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చేయండి. ఆ కాపీ, కొత్త సంతకాల తీర్మానం తీసుకుని బ్యాంకుకి పోవాలి. పోయినసారి ఎన్నిక ఆగినప్పుడు పాత ట్రెజరర్ ఊరు మారిపోయుండి చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లు లేక లిఫ్టు సర్వీసు డబ్బులు ఆగిపోయినాయి, ఐదో అంతస్తు పెద్దాయన మూడు వారాలు మెట్లెక్కాడు, ఇప్పటికీ నన్ను చూస్తే మోకాలు చూపిస్తాడు.